హాట్‌స్పాట్ పెడితే మధ్యాహ్నానికే డేటా ఖాళీ: నెలకి 600 ఎటు పోతోంది?

ప్రశ్న: సార్ నమస్తే అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఒక రైసుమిల్లుకీ, నలుగురు రొయ్యల మేత డీలర్లకీ ఇంటి దగ్గర నుంచే ట్యాలీ, జీఎస్టీ పనులు చూస్తాను, నెలకి 22 వేలు వస్తాయి. ఫోన్లో రోజుకి 1.5 జీబీ ప్లాన్, దాన్నే హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్‌కి వాడతాను. మూడింటికల్లా అయిపోద్ది, ఇక 20 రూపాయల ప్యాకులు వేసుకుంటా కూర్చోవాలి, అవే నెలకి 600 అవుతున్నాయి. కేబుల్ అతను వైఫై పెట్టించుకోండి, ముందు 2500 కట్టండి అంటున్నాడు. పెట్టించుకోమంటారా? లాప్‌టాప్‌లో డేటా పేజీ ఫొటో తీసి పంపాను.

జవాబు: ఇప్పుడే వద్దండి. ఒక్క నెల ఆగండి. మీరు ఆ ఫొటో పంపడం మంచిదైంది, లేకపోతే నేను కూడా సరే పెట్టించేసుకోండి అనేవాణ్ణేమో.

ఆ పేజీలో 30 రోజులకి లాప్‌టాప్ వాడింది 58 జీబీ అని ఉంది కదా, అందులో క్రోమ్ 30, System అని ఉన్నది 14, వన్‌డ్రైవ్ 11, మిగతావన్నీ కలిపి 3. ఫోన్ సొంత వాడకం ఇంకో 9 అనుకుందాం. మొత్తం 67. మీ ప్లాన్ ఇచ్చేది నెలకి 45, ప్యాకులు ఒక్కోటి 1 జీబీ లెక్కన 30, అంటే మీరు డబ్బులు కట్టింది 75 జీబీకి. మిగిలిన 8 జీబీ ఏమైంది అంటే, పని లేని ఆదివారాలూ అవీ వాడకుండా వదిలేస్తే అర్ధరాత్రి పన్నెండుకి పోతుంది, రోజువారీ కోటాలో మిగిలింది రేపటికి రాదు. ఒక పక్క మిగిలింది పారబోసుకుంటూ ఇంకో పక్క జీబీ 20 పెట్టి కొంటున్నారన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 14, ఆ 11 మీరు కూర్చుని వాడినవి కావు. ఫోన్ హాట్‌స్పాట్ మీ లాప్‌టాప్‌కి మామూలు ఇంటి వైఫై లాగే కనిపిస్తుంది, దానికి ఇది కొలిచి ఇచ్చే డేటా అని ఎవరూ చెప్పలేదు, అందుకని విండోస్ అప్‌డేట్లు, స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు దానిష్టం వచ్చినప్పుడు దింపేసుకుంటుంది. నమ్మకం లేకపోతే ఒక పరీక్ష చేయండి: పొద్దున్నే హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్‌లో అన్నీ మూసేసి, ఫోన్లో డేటా ఎంత వాడారో చూసి రాసుకుని, పావుగంట ఏమీ ముట్టుకోకుండా వదిలేసి మళ్లీ చూడండి. ఐదో పదో ఎంబీ అయితే ఫర్వాలేదు, వందా రెండొందలు పోయిందంటే వెనకాల ఏదో దిగుతోందనే లెక్క.

దీనికి మందు ఒక్క బటనే. లాప్‌టాప్ మీ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అయి ఉన్నప్పుడు ఇలా వెళ్లండి (ఇది విండోస్ 11, 10లో కూడా దాదాపు ఇదే దారి):

```
Settings > Network & internet > Wi-Fi > (మీ హాట్‌స్పాట్ పేరు) properties > Metered connection > On
```

ఇది ఆన్ చేస్తే విండోస్ పెద్ద అప్‌డేట్లు చాలామటుకు తనంతట తాను దింపదు, వన్‌డ్రైవ్ కూడా సింక్ ఆపేసి మిమ్మల్ని అడుగుతుంది, అడిగినప్పుడు అలవాటుగా సరే కొట్టేయకండి. అదే Windows Update పేజీలో Advanced options లోకి వెళ్లి Download updates over metered connections అనేది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, అది ఆన్‌లో ఉంటే పైన చేసిందంతా దండగ. అక్కడే Delivery Optimization అని ఉంటుంది, అందులో Allow downloads from other PCs అనేది కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉండి ఇంటర్నెట్‌లో కంప్యూటర్లన్నిటికీ అని ఎంచుకుని ఉంటే మీరు దింపుకున్న అప్‌డేట్ ముక్కలు ఊరూ పేరూ తెలియని వాళ్ల కంప్యూటర్లకి మీ డేటాతో పంపుతుంది. పైకి వెళ్లింది కూడా కోటాలో తెగుతుందండి, చాలామంది దిగిందే లెక్క అనుకుంటారు.

ఇక్కడ రెండు చోట్ల జనం దెబ్బ తింటారు. ఈ సెట్టింగ్ హాట్‌స్పాట్ పేరుకి అతుక్కుని ఉంటుంది, మీరు ఎప్పుడైనా ఫోన్ మార్చి పేరు మారిందంటే లాప్‌టాప్ దాన్ని కొత్త వైఫై అనుకుంటుంది, మళ్లీ మొదటి నుంచి ఆన్ చేయాలి. రెండోది, ఎండాకాలం హాట్‌స్పాట్ పెడితే ఫోన్ కాలిపోతోందని కొందరు కేబుల్ గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ వాడతారు, మంచి పద్ధతే, ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది, కానీ అప్పుడు విండోస్‌కి అది Ethernet కింద కనిపిస్తుంది, వైఫైకి పెట్టిన సెట్టింగ్ దానికి పనిచేయదు. Ethernet లోకి వెళ్లి అక్కడ కూడా Metered connection ఆన్ చేసుకోవాలి.

అలాగని అప్‌డేట్లు అసలు వద్దనకండి, క్లయింట్ల లెక్కలు ఉన్న మెషీన్ అది. ఆదివారం రాత్రి పదిన్నరా పదకొండుకి ఆ రోజు కోటాలో జీబీ పైన మిగిలి ఉంటే అప్పుడు మీరే వెళ్లి అప్‌డేట్ నొక్కండి, ఎలాగూ పన్నెండుకి పోయే డేటానే కదా. మీ 14 ఇలా చేస్తే 2, 3 దగ్గర ఆగుతుంది.

ఇక వన్‌డ్రైవ్ 11. మీరు రోజూ సాయంత్రం ట్యాలీ బ్యాకప్ డెస్క్‌టాప్ మీదున్న ఫోల్డర్‌లోకే తీస్తున్నారని నా అనుమానం, చాలామంది అకౌంటెంట్లు అదే చేస్తారు. డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌కి కలిపి ఉంటే, ఐదుగురి కంపెనీలూ కలిపి బ్యాకప్ ఒక 350 ఎంబీ అనుకున్నా, అదే పేరు మీద రోజూ కొత్తగా తయారవుతుంది కాబట్టి రోజూ కొత్తగా పైకి ఎక్కుతుంది. 350ని 30తో గుణించండి, 10.5 జీబీ. మీ 11కి దగ్గరగానే ఉంది కదా. బ్యాకప్ ఫోల్డర్‌ని D డ్రైవ్‌లోకి మార్చి, రోజూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, వారానికి ఒక్కసారి మాత్రం ఆదివారం రాత్రి మిగిలిన డేటాతోనే వన్‌డ్రైవ్‌లో వేయండి. ఇంటి బయట ఒక కాపీ ఉండాలండి, తుఫాను వచ్చి ఇంట్లోకి నీళ్లొస్తే లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ రెండూ ఒకే బీరువాలో తడుస్తాయి. నెలకి 2 జీబీలో అయిపోతుంది.

క్రోమ్ 30 గురించి మీరేమీ రాయలేదు కానీ జీఎస్టీ సైటు అంత తినదు, ఓచర్లు కొడుతూ వెనకాల యూట్యూబ్‌లో పాటలు పెట్టుకుంటున్నట్టున్నారు. పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు. కాకపోతే లాప్‌టాప్‌లో యూట్యూబ్ స్క్రీన్ పెద్దదని క్వాలిటీ తనే పెంచేస్తుంది, 720పీలో గంటకి ఒక జీబీ దాటిపోవచ్చు, మీరు చూస్తున్నది ట్యాలీ స్క్రీన్ అయినా సరే బొమ్మ దిగుతూనే ఉంటుంది. వీడియో కింద చక్రం గుర్తు నొక్కి Quality లో 144p పెట్టండి, గంటకి వంద ఎంబీ అటూ ఇటూలో పోతుంది, పాటే కదా కావాల్సింది, చెవికి తేడా పెద్దగా తెలియదు. సినిమాలాంటిది చూడాలంటే 480p చాలు. పైన చెప్పిన Metered బటన్ క్రోమ్‌నీ యూట్యూబ్‌నీ ఆపదు, ఇది మాత్రం మీ చేత్తో చేయాల్సిందే. 30 కాస్తా 18కి దిగినా నాకు చాలు.

అప్పుడు మొత్తం కూడండి: క్రోమ్ 18, System 2, వన్‌డ్రైవ్ 2, ఇతరాలు 3, ఫోన్ 9, అంతా 34 జీబీ. మీ ప్లాన్ 45. ప్యాకులు ఎప్పుడో ఒకటీ రెండూ తప్ప అక్కర్లేదు. ఏడాదికి 7200 అంటే మీ నెల సంపాదనలో మూడో వంతు అండి, ఇప్పటిదాకా అది ఎక్కువ భాగం మీకు తెలియని అప్‌డేట్లకీ, బ్యాకప్‌లకీ పోయింది.

అయినా 11వ తారీఖు జీఎస్టీఆర్-1, 20వ తారీఖు 3బీ ఉన్నరోజు మాత్రం పొద్దున్నే ఒక ప్యాక్ వేసి ఉంచుకోండి. కోటా అయిపోయాక వచ్చేది 64 కేబీపీఎస్, దానిలో ఒక్క ఎంబీ దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది, పోర్టల్ సగంలో లాగౌట్ అయితే ఆలస్య రుసుము 20 రూపాయల ప్యాక్ కంటే ఎక్కువే. పిసినారితనం చేయాల్సిన రోజు కాదది.

ఒక నెల ఇవన్నీ చేశాక కూడా రోజూ సాయంత్రానికి కోటా సరిపోవట్లేదు అంటే, వైఫై కంటే ముందు 2 జీబీ ప్లాన్ చూడండి. 28 రోజుల ప్లాన్లలో 1.5కీ 2కీ తేడా సుమారు 50 రూపాయలుంటుంది, ఆ 50కి నెలలో వచ్చేది 14 జీబీ, అంటే జీబీ మూడున్నర, నాలుగు రూపాయలు. మీరు కొంటున్నది 20. ఎక్కువమంది ఈ లెక్క చూడరు, ప్యాక్ చిన్న నోటు కాబట్టి ఖర్చులా అనిపించదు. పైగా 2 జీబీ ప్లాన్లకి 5జీ అన్‌లిమిటెడ్ అని కూడా ఇస్తున్నారు, అయితే అది మీ ఫోన్ 5జీదై, గదిలో 5జీ గుర్తు నిలబడితేనే, 4జీకి జారిన క్షణం నుంచి మళ్లీ రోజు కోటాలోంచే తెగుతుంది. కొబ్బరితోటల మధ్య ఇళ్లలో గుర్తు వస్తూ పోతూ ఉంటుంది, దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి.

కేబుల్ అతని వైఫై లెక్క కూడా వేసి పెడతాను. 399 అని చెప్తే మీద 18 శాతం జీఎస్టీ, 471 అవుతుంది, మీకు జీఎస్టీ గురించి నేను చెప్పడమేంటి. ముందు కట్టే 2500 ఏడాదికి పంచితే నెలకి 208, కలిపి 679. మీరు ఇప్పుడు తగలేస్తున్న 600 కంటే ఎక్కువ, సరిచేశాక మీకు అయ్యే ఖర్చు ముందు ఇక దాని ఊసే అనవసరం. ఇంట్లో పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులో, టీవీకి సినిమాలో మొదలై నెలకి వంద జీబీ దాటినప్పుడు మాత్రం తీసుకోవాల్సిందే, అప్పుడు ఫోన్ ప్లాన్ తక్కువ డేటా దానికి దించుకుంటే కొంత కలిసొస్తుంది. ఆ రోజు కూడా అతన్ని రెండు అడగండి, 2500లో తిరిగొచ్చే డిపాజిట్ ఎంత, చెప్పిన రేటులో జీఎస్టీ ఉందా లేదా అని, రెండూ రసీదు మీద రాయించుకోండి. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి 11, 20 తారీఖుల కోసం హాట్‌స్పాట్ అప్పుడూ ఉంచుకోవాలి.