రిపోర్టింగ్ మార్పును సిబ్బందికి ఎలా తెలియజేయాలి?

"చిత్తూరు దగ్గర మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ వాళ్ళను ప్రొడక్షన్ మేనేజర్ కింద నుంచి ప్లాంట్ హెడ్ కిందకు మారుస్తున్నాం. కంగారు పడకుండా ఎలా రాయాలి?"

అయ్యా, మొదటి వాక్యంలోనే అసలు సంగతి, కారణం చెప్పండి: "సెప్టెంబరు 1 నుంచి ల్యాబ్ సిబ్బంది ప్లాంట్ హెడ్‌కు రిపోర్ట్ చేస్తారు, తీపి కొలత అయిన బ్రిక్స్ తగ్గిన బ్యాచ్‌ను ఆపే నిర్ణయం ఉత్పత్తి లక్ష్యం మోస్తున్నవారి చేతిలో ఉండకూడదన్నదే కారణం." జీతం, షిఫ్టు మారవన్నది నిజమైతేనే రాయండి. సెలవు ఎవరు మంజూరు చేస్తారు, అప్రైజల్ ఎవరు రాస్తారు అన్నదే వారి అసలు దిగులు కనుక, తోతాపురి సీజన్‌లో చేసిన పనికి పాత మేనేజరే రాతపూర్వకంగా అభిప్రాయం ఇస్తారని స్పష్టం చేయండి. ఇంకా తేలని విషయముంటే, ఎప్పటిలోగా తేలుస్తారో తేదీతో చెప్పండి. ప్రొడక్షన్ మేనేజర్‌కు మాత్రం ముందే ముఖాముఖి చెప్పాలి. నోటీసు బోర్డు చూసి తెలుసుకుంటే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.