నాలుగు పాదాల చరణం, చప్పట్ల లెక్క

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామమున వందనములు.

మీ సంఘం గాయక బృందం కోసం నీవు రాసిన కీర్తన చేరింది. మొదటి చరణం ఆదివారం ఒక్కసారి పాడించగానే అందరికీ వచ్చేసిందనీ, రెండో చరణం మూడు వారాలైనా సాఫీగా సాగడం లేదనీ రాశావు. రెండు చరణాలలోనూ అక్షరాలను లెక్కపెట్టి సమానంగా ఉంచానని కూడా అన్నావు. చిక్కు అంతా ఆ లెక్కలోనే ఉంది. ఇంగ్లీషు కీర్తనల పుస్తకాలలో రాగం పక్కన 8.6.8.6 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి ఆ భాషలో ఒక్కో పాదానికి ఎన్ని అక్షరాలు పలుకుతాయో చెప్పే అంకెలు. తెలుగు పాట అక్షరాల మీద నడవదు, మాత్రల మీద నడుస్తుంది. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికీ, సున్నతో కూడిన అక్షరానికీ, ఒకే మాటలో ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికీ రెండేసి మాత్రలు. పాడేవారికి ఈ సూత్రం తెలియనక్కరలేదు, వారి గొంతు దానినే పాటిస్తుంది.

నీ మొదటి చరణాన్ని తీసుకుందాం.

కాపరి నీవే నా ప్రభువా
లోపము లేదిక నాకెపుడూ
రేపటి చింతలు నాకేలా
చూపుము దేవా నీ బాటే

రెండో పాదంలో పది అక్షరాలు, నాలుగో పాదంలో ఎనిమిదే ఉన్నాయి. అయినా రెండూ ఒకే తూకంతో సాగుతాయి, ఎందుకంటే రెండింటిలోనూ పద్నాలుగు మాత్రలే ఉన్నాయి. నాలుగేసి మాత్రలకు ఒక చప్పట్టు చొప్పున కొడితే మొదటి పాదం "కాపరి | నీవే | నా ప్రభు | వా" అని విడిపోతుంది. నాలుగో చప్పట్టు మీద రెండు మాత్రల "వా" పలికిన తరువాత మరో రెండు మాత్రల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ వృథా కాదు, సంఘమంతా కలిసి ఊపిరి తీసుకునే చోటు అదే. నీవు తెలిసి చేశావో తెలియక చేశావో గాని, నాలుగు పాదాలనూ దీర్ఘంతో ముగించావు కనుక ఆ చివరి స్వరం హాయిగా నిలుస్తోంది.

ఇప్పుడు రెండో చరణంలోని మొదటి రెండు పాదాలు చూడు.

మరువను నిను నా దేవా
సిలువలో చూపిన నీ ప్రేమ

అక్షరాలు తొమ్మిది, పది. మొదటి చరణంతో సరిగ్గా సరిపోయాయి. కాని మొదటి పాదం మాత్రలు లెక్కపెడితే పన్నెండే వస్తాయి: "మరువను | నిను నా | దేవా". నాలుగో చప్పట్టుకు అక్షరమే లేదు. ఆ లోటును ఒకరు "నా" సాగదీసి పూడుస్తారు, మరొకరు "వా" సాగదీస్తారు, వెనుక వరుసవారు ముందే తరువాతి పాదం ఎత్తుకుంటారు. దీనికి మందు చిన్నదే. "నిను" అన్నచోట "నిన్నే" అని పెట్టి చూడు. అక్షరాలు తొమ్మిదే ఉంటాయి గాని మాత్రలు పద్నాలుగు అవుతాయి: "మరువను | నిన్నే | నా దే | వా".

రెండో పాదంలోని తప్పు ఇంతకంటే మాయది, ఎందుకంటే దాని మొత్తం సరిగ్గా పద్నాలుగే. "సిలువలో" అన్న మాటకు అయిదు మాత్రలు, "చూపిన"కు నాలుగు, "నీ ప్రేమ"కు అయిదు. చప్పట్టు కొట్టి పాడితే రెండో దెబ్బ "లో" అన్న దీర్ఘం మధ్యలో పడుతుంది, మూడోది "చూపిన"లోని చివరి "న" మీద పడుతుంది, నాలుగోది "ప్రే"ని రెండుగా చీలుస్తుంది. పాడేవారు ఊరుకోరు. "సిలువలొ" అని దీర్ఘాన్ని కుదించి దెబ్బకు అందుకుంటారు, అక్కడ మిగిలిన మాత్రను ఇంకెక్కడో సాగదీసి తీర్చుకుంటారు. నా తొలి రోజుల్లో నేను రాసిన ఒక పాటలో ఇలాగే జరిగితే, గాయక బృందానికి ఉచ్చారణ తెలియదని లోలోపల విసుక్కున్నాను. వారు దిద్దుతున్నది నా తప్పునేనని చాలా కాలానికి గాని తెలియలేదు. అందుచేత మొత్తం ఒక్కటే చూసుకోకు. ప్రతి దెబ్బ ఏదో ఒక అక్షరం ఆరంభంలో, వీలైతే మాట ఆరంభంలో పడుతున్నదా అని చూడు. పాదం చివరి మాట ఆఖరి దెబ్బలోకి జారితే పరవాలేదు. "ప్రభువా" అలా జారినా ఎవరూ తడబడలేదు కదా.

ఆ చరణాన్ని నేనైతే ఇలా మారుస్తాను.

సిలువను మోసిన నా దేవా
తలచెద నిన్నే ఏనాడూ
కలవరమంతయు తీర్చితివే
నిలుపుము నన్నిక నీ దరినే

"సిలువను | మోసిన | నా దే | వా" అని మొదటి మూడు మాటలూ ఒక్కో దెబ్బ మీద మొదలవుతాయి, చివరి "దేవా" మాత్రమే ఆఖరి దెబ్బలోకి జారుతుంది. "మరువను" బదులు "తలచెద" అన్నది రెండో అక్షరంగా లకారం కోసం. మొదటి చరణంలో నీకు పకారం ప్రాసగా కుదిరింది కనుక, అది జ్ఞాపకానికి కొక్కెంలా పనిచేసి తరువాతి పాదం మొదలును గుర్తుచేస్తుంది కనుక, ఇక్కడా ఉంచాను. యతి గురించి అడిగావు. ఇంత పొట్టి పాదంలో దానికోసం వెతకవద్దు, దొరికితే ఉంచుకో.

అయితే ప్రాస ఒక్కోసారి మోసం చేస్తుంది. నీ మొదటి చరణం రెండో పాదం మళ్ళీ చదువు. "లోపము లేదిక నాకెపుడూ" అన్నప్పుడు నీ మనసులో ఉన్నది ఇరవై మూడో కీర్తనలోని "లేమి కలుగదు" అన్న మాట. కాని లోపమంటే దోషమనే అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. సంఘమంతా నిలబడి "నాలో ఏ దోషమూ లేదు" అని పాడినట్టు అవుతుంది. పాపపు ఒప్పుకోలు తరువాత ఆ పాట వస్తే మరీ ఇబ్బంది. "లేమియె కలుగదు నాకెపుడూ" అన్నా పద్నాలుగు మాత్రలే, అర్థం సరిపోతుంది, ప్రాస మాత్రం పోతుంది. రెండింటిలో ఒకటే దక్కేటట్టయితే నేను అర్థాన్నే ఉంచుతాను. ఇక్కడ మరో దారి కూడా ఉంది: "ఆపద వేళల నీవుంటే". ఇందులో పకారం నిలిచింది, మాత్రలు కుదిరాయి, అర్థం తిన్నగా తరువాతి పాదానికి అందుతుంది: "ఆపద వేళల నీవుంటే, రేపటి చింతలు నాకేలా".

దీనితో ఒక చిన్న బాధ్యత పెరుగుతుంది. పుస్తకం చదవలేనివారికి పాదం పాదంగా చెప్పించి పాడిస్తామన్నావు. "నీవుంటే" దగ్గర ఆపితే వాక్యం గాలిలో వేలాడుతుంది. కాబట్టి పాట నేర్పేవారికి రెండేసి పాదాలు కలిపి చెప్పించమని చెప్పు. రెండు పాదాలు దాటి వాక్యాన్ని మాత్రం సాగనీయకు. మూడో పాదం నేర్చుకునేసరికి మొదటి పాదంలోని కర్త ఎవరికీ గుర్తుండడు.

మూడో చరణం రాశాక దానిని బృందానికి వెంటనే ఇవ్వవద్దు. రాగం ఎరుగని ఇద్దరిని విడివిడిగా పిలిచి, నీవు నెమ్మదిగా చప్పట్లు కొడుతుండగా పాట పాడకుండా మాటలు మాత్రమే చదవమను. ఒకరు తడబడితే అది అతని కళ్ళజోడు కావచ్చు. ఇద్దరూ ఒకే మాట దగ్గర ఆగితే ఆ మాటను మార్చు. మార్చిన చరణాన్ని దెబ్బ పడే ప్రతి అక్షరం కింద గీత పెట్టి నాకు పంపు, నేను కూడా ఇక్కడ చప్పట్లు కొట్టి చూస్తాను.

ఇట్లు,
నీ అన్న