ప్లూటో వచ్చిన రోజు ఏమీ జరగలేదంటే లెక్క తప్పినట్టేనా?

"మాది గుంటూరు. పాశ్చాత్య పద్ధతిలో నా జన్మ సూర్యుడు కుంభం 0 డిగ్రీలు. 2023 మార్చి 23న ప్లూటో దాని మీదికి వచ్చిందని యాప్ చూపించింది. ఆ రోజు ఏమీ జరగలేదు. లెక్క తప్పా?"

లెక్క సరైనదేనండి, ఒక్క తేదీనే పట్టుకోవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. ప్లూటో సూర్యుణ్ణి ఒకసారి చుట్టడానికి సుమారు 248 ఏళ్ళు పడుతుంది. పైగా భూమి కదలిక వల్ల ఏటా దాదాపు ఐదు నెలలు వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకే మీ బిందువును అది ఒక్కసారి దాటి వెళ్ళిపోలేదు. 2023 మార్చిలో కుంభంలోకి వచ్చి జూన్‌లో మకరంలోకి వెనక్కి వెళ్ళింది. 2024 జనవరిలో మళ్ళీ వచ్చింది, సెప్టెంబరులో మళ్ళీ వెనక్కి, చివరికి నవంబరులో ముందుకు. మొత్తం ఐదుసార్లు.

జ్యోతిష్కులు అటూ ఇటూ ఒక డిగ్రీ దాకా కూడా లెక్కలోకి తీసుకుంటారు. అలా చూస్తే మీ గోచారం 2023 మొదట్నుంచి 2025 మొదలు దాకా, మధ్యలో కొంత విరామంతో సాగింది. రోజుకు డిగ్రీ నడిచే గోచార సూర్యుడికైతే అదే దూరం రెండు రోజుల పని. ప్లూటో ఫలితాన్ని నిదానమైన మార్పుగా చెప్పేది ఇందుకే. మొదటి తాకిడిలో విషయం తలెత్తుతుందనీ, వెనక్కి వచ్చినప్పుడు మళ్ళీ తిరగబెడుతుందనీ, చివరి దాటులో ఒక కొలిక్కి వస్తుందనీ వారు చదువుతారు.

ఒక్క జాగ్రత్త. మన పద్ధతిలో రాయించిన జాతకంలో మీ సూర్యుడు మకరంలో 6 డిగ్రీల దగ్గర ఉంటాడు. రెండు పద్ధతుల రాశిచక్రాల మొదలుకు మధ్య ఉండే అయనాంశ తేడా సుమారు 24 డిగ్రీలు కాబట్టి ఆ చక్రం మీద ఈ తేదీలు వేయకండి.

రెండేళ్ళలో ఎవరి జీవితంలోనైనా ఏదో ఒకటి మారుతుంది, దాన్ని ప్లూటోకే ముడిపెట్టడానికి శాస్త్రీయ రుజువు లేదు. ఉద్యోగం, ఇల్లు లాంటి నిర్ణయాలు దీన్ని బట్టి తీసుకోవద్దని నా మాట.