మీ జాబితాలో ఆఖరి వాక్యం

ప్రశ్న: డిసెంబరు 31 రాత్రి సరదాకి ఇంట్లో అందరి తరఫునా కొత్త సంవత్సరం ప్రమాణాలు రాశాను. భోజనాల దగ్గర మావారు పైకి చదివారు.
మామగారు: షుగర్ టెస్టుకు ముందు మూడు రోజులే కాదు, ఏడాదంతా మిఠాయి డబ్బా జోలికి వెళ్లను.
అత్తగారు: కూర దించాక "వంకాయ వండాల్సింది" అనను.
మావారు: తడి తువ్వాలు మంచం మీద వేయను. వేసినా "నేను కాదు" అనను.
మరిది: ఈసారైనా గ్రూప్ టూ పుస్తకాల మీద దుమ్ము దులుపుతాను.
పాప: ఛార్జింగ్ అయిపోకముందే ఫోన్ పక్కన పెడతాను.
నేను: ఎవరేమన్నా నవ్వుతూనే ఉంటాను.
అందరూ పడిపడి నవ్వారు. మరిది మాత్రం సగం అన్నంలో లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. సంక్రాంతి దాటినా నాతో మాట్లాడటం లేదు. జోక్ అర్థం చేసుకోకపోతే తప్పు నాదా? ఉగాదికి మళ్లీ రాయమంటున్నారు మావారు. రాయనా?
- ఒక పెద్ద కోడలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఉగాదికి రాయకండి. ఆ ప్రశ్న అంతటితో వదిలేద్దాం.

మామగారు తన వాక్యానికి నవ్వగలిగారంటే, అది ఆయన చేతిలో పని. రేపు డబ్బా మూత పెట్టేస్తే ఆ మాట అక్కడితో సరి. (మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మూడు రోజుల పథ్యం కలిసిరాదని మాత్రం ఆయనకు నెమ్మదిగా చెప్పండి.) తువ్వాలు సంగతీ అంతే. గ్రూప్ టూ అలాంటిది కాదు. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే మెయిన్స్ జరిగింది 2025 ఫిబ్రవరి 23న. మీ మరిది ఆ పరీక్ష రాశాడో లేదో మీరు చెప్పలేదు. కానీ దాన్ని నమ్ముకున్న పిల్లలు అన్నం కంచం ముందు ఎంత తల దించుకుని కూర్చుంటారో నేను చూశాను. చదివినా చదవకపోయినా ఆ తేదీలు వాళ్ల చేతిలో లేవు.

పైగా ఆ వాక్యం "దులుపుతాను" అని ఉంది. అంటే పుస్తకం తెరవడం లేదని అతని నోటితోనే ఒప్పించారు. అదీ అన్నావదినల ముందు, తల్లిదండ్రుల ముందు, చిన్నపిల్ల ముందు. నేనైనా అన్నం మధ్యలో లేచి వెళ్లేదాన్ని. తప్పు మీదే. అందరి ముందు అన్న మాటకు క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. గదిలోకి వెళ్లి గుసగుసగా చెప్పకండి. రాత్రి భోజనాల దగ్గర, "ఆ రోజు నీ గురించి అలా రాయకుండా ఉండాల్సింది" అనండి. దానికి "సరదాకే కదా" అని తోక తగిలించకండి. అతను ఏమంటాడోనని చూస్తూ నిలబడకండి, కూర వడ్డించండి.

ఇక అసలు విషయం. ఆ వాక్యం రాసింది మీరు, చదివింది మీవారు. సొంత తమ్ముడి గురించిన మాట కళ్ల ముందు కనిపిస్తున్నా ఆయన ఆగలేదు. తమ్ముడు ఇంకెన్నాళ్లు చదువుతాడు, అందాకా ఖర్చు ఎలా అన్నది అన్నగా ఆయన కూర్చోబెట్టి మాట్లాడాల్సిన సంగతి. మీ చేతిరాతలో అది జోకై బయటికొచ్చింది. వంకాయ మాట కూడా అలాంటిదే. ఆ మాట ఆయన తల్లికి ఆయనే చెప్పాలి, మీరు కాదు. రోజూ రాత్రి "రేపు ఏం కూరమ్మా?" అని ఆయనే అడిగి తేల్చేస్తే, దించాక ఇంకో మాట రాదు. ఇందులో ఒక్కటైనా ఆయనతో నేరుగా అన్నారా? అని ఉంటే డిసెంబరు 31 దాకా ఇవన్నీ పోగుపడేవి కావు.

మిగతా అందరికీ మానుకోవాల్సినవి రాశారు. మీకు మాత్రం ఓర్చుకోవాల్సింది రాసుకున్నారు. మీ ఉత్తరం మొత్తంలో నా మనసు కలుక్కుమన్నది అక్కడే. ఆ వాక్యం పైకి చదివిన మనిషి ఆ రాత్రి పడుకునే ముందు "ఎవరేమన్నారు నిన్ను?" అని అడగాలి కదా. అడిగి ఉంటే ఆ సంగతి కూడా ఉత్తరంలో రాసేవారు. కోడలు నవ్వుతూ మింగేస్తే ఇల్లు చల్లగా ఉంటుందంటే నేను ఒప్పుకోను. అలా మింగిన మాటలే ఈసారి మీ మరిది మీద పడ్డాయి.

పాప నిద్రపోయాక ఆ కాగితం తీసి, చివరి వాక్యం కొట్టేసి ఆయన చేతిలో పెట్టండి. ఆ చోట ఏం రాయాలో ఆయన్నే అడగండి.