గోడ పగిలింది, ఇంకా ఎవరూ డబ్బు అడగలేదు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇప్పుడే చెప్పాలా?

ప్రశ్న: నేను భీమవరంలో ఆర్కిటెక్ట్‌ని. 2022 సెప్టెంబరులో, చేపల చెరువు పూడ్చిన స్థలంలో కట్టే ఒక ఇంటికి డ్రాయింగులు ఇచ్చాను. 2024 ఫిబ్రవరిలో గృహప్రవేశం అయింది. పోయిన నెల ఓనరు గారు వెనక గది గోడ పగుళ్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపారు. "టెన్షన్ పడకండి, నేను చూసుకుంటాను" అని రాశాను. ఆయన డబ్బు అడగలేదు, నోటీసు ఇవ్వలేదు. నా పనిలో పొరపాటు జరిగిందని ఎవరైనా నష్టపరిహారం అడిగితే ఆదుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ 50 లక్షలకి 2021 ఏప్రిల్ నుంచి ఉంది; ఎక్సెస్, అంటే క్లెయిమ్‌లో నేను పెట్టుకోవాల్సిన వాటా, లక్ష; మార్చి 31తో రెన్యూవల్. ఇప్పుడు చెబితే ప్రీమియం పెంచుతారేమో. ఒక ఫ్రెండ్ రెండు రూపాయల వడ్డీకి 7 లక్షలు ఇస్తానంటున్నాడు. గుట్టుగా రిపేరు చేయించేయనా? సేవింగ్స్ మా బావమరిది రొయ్యల చెరువులో ఉన్నాయి.

జవాబు: వద్దండి. ఆ 7 లక్షలు తీసుకోవద్దు, మార్చి 31 లోపల కంపెనీకి ఉత్తరం రాయండి. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇంజినీర్లు, డాక్టర్లు, ఆడిటర్లు చేసే తప్పు ఇదే. క్లెయిమ్ అంటే కోర్టు నోటీసు చేతికి వచ్చాకే అనుకుంటారు, అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చుంటారు.

మీ పాలసీ బండి ఇన్సూరెన్స్ లాంటిది కాదు. బండికి యాక్సిడెంట్ జరిగిన రోజు ఏ పాలసీ ఉందో చూస్తారు. మీ దానిలో మీరు ఎప్పుడు డ్రాయింగ్ గీశారన్నది ఒక్కటే సరిపోదు, ఓనరు మిమ్మల్ని డబ్బు అడిగిన రోజు ఏ పాలసీ నడుస్తోందో అదే పలుకుతుంది. మరి ఆయన జూన్‌లో అడిగితే? అప్పటికి కొత్త పాలసీ. కొత్త పాలసీ ప్రపోజల్ ఫారంలో "క్లెయిమ్‌కి దారితీసే పరిస్థితి ఏదైనా మీకు తెలుసా" అని ఉంటుంది. లేదు అని టిక్ పెడితే, ఆ వాట్సాప్ ఫొటోల తేదీ చూపించి నిజం దాచారని కొట్టేస్తారు. ఉంది అని పెడితే, ముందే తెలిసిన సంగతి కాబట్టి ఆ ఇల్లు ఒక్కటి కవర్ కాదంటారు. పాత పాలసీ ముగిసిపోయింది, కొత్త పాలసీ రానివ్వదు, మధ్యలో మీరు.

ఈ గొయ్యి పూడ్చడానికే మీ పాలసీలో ఒక షరతు ఉండాలి: క్లెయిమ్‌కి దారితీయగల పరిస్థితిని పాలసీ కాలంలోనే రాసి ఇస్తే, తర్వాత ఎప్పుడు క్లెయిమ్ వచ్చినా ఈ పాలసీ కాలంలోనే వచ్చినట్టు లెక్కిస్తారు. పాలసీ కాగితం తీసి ఆ షరతు నంబరు వెతకండి, ఉత్తరంలో ఆ నంబరే రాయాలి. రెట్రోయాక్టివ్ తేదీ, అంటే ఏ రోజు నుంచి చేసిన పనికి పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ, కూడా చూసుకోండి. అది 2021 ఏప్రిల్ అయితే మీ 2022 డ్రాయింగులు లోపలే ఉన్నట్టు. మధ్యలో ఎప్పుడైనా రెన్యూవల్ తప్పి ఆ తేదీ తర్వాతి తేదీకి మారిందేమో చూడండి.

మన దగ్గర ఇంకో గొడవ ఉంది. నల్లమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక నేల ఎండి బిగుసుకుంటుంది. పూడ్చిన చెరువైతే కింద మట్టి కూడా సమంగా దిగదు. కాబట్టి మార్చిలో సన్నగా ఉన్న చీలిక మేలో వేలు పట్టేంత కావచ్చు, పాలసీ ఏమో మార్చిలోనే అయిపోతుంది. అందుకే ఇప్పుడే ఆ చీలిక మీద రెండు మూడు చోట్ల ప్లాస్టర్ బిళ్లలు అంటించి, తేదీ రాసి, ఫొటో తీయండి. బిళ్ల విరిగిందంటే గోడ ఇంకా కదులుతోందని. ఇంటి మనుషులకి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఆగొద్దు, గది ఖాళీ చేయమని ఓనరు గారికి రాసి ఇచ్చి, అదే రోజు కంపెనీకీ చెప్పండి.

ఉత్తరం ఎలా ఉండాలి? "నా ప్రాజెక్టుల్లో ఎక్కడైనా సమస్య రావచ్చు" అని గాలిలో రాస్తే అది పనికిరాదు, కంపెనీ పక్కన పెట్టేస్తుంది. ఏ ఇల్లు, ఎవరు అడగవచ్చు, ఎందుకు అడగవచ్చు, ఇవి కనపడాలి. మీరు ఇంగ్లిషులోనే రాస్తారు కానీ సారం ఇలా ఉండాలి:

"పాలసీ నంబరు ఫలానా, షరతు ఫలానా కింద ఈ సమాచారం ఇస్తున్నాను. ఫలానా ఇంటికి 2022 సెప్టెంబరులో డ్రాయింగులు ఇచ్చాను, సైటుకి ఫలానా తేదీల్లో వెళ్లాను. పునాది డిజైన్ ఫలానా స్ట్రక్చరల్ ఇంజినీరుది. వెనక గది కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు ఉందని ఓనరు ఫలానా తేదీన ఫొటోలు పంపారు. పునాది దిగడం వల్ల అయి ఉండవచ్చు, కారణం ఇంకా తేలలేదు. మరమ్మతు ఖర్చు కోసం ఓనరు నా మీద క్లెయిమ్ చేసే అవకాశం ఉంది. ఇప్పటిదాకా డిమాండ్ ఏదీ రాలేదు. నేను ఏ బాధ్యతా ఒప్పుకోలేదు. దీన్ని పరిస్థితి సమాచారంగా నమోదు చేసి, అందినట్టు జవాబు ఇవ్వగలరు."

"నా పొరపాటు" అన్న మాట ఎక్కడా రానివ్వకండి. అలాగని ఏదీ దాచకండి. "నేను చూసుకుంటాను" అన్న మీ మెసేజ్ కూడా జతచేయండి. అది రాయకుండా ఉండాల్సింది, వాళ్లు దాన్ని బాధ్యత ఒప్పుకున్నట్టు చదవొచ్చు, కానీ తర్వాత ఓనరు లాయరు బయటపెట్టడం కన్నా మీరే ముందు చెప్పడం మేలు. దాంతోపాటు సాయిల్ టెస్ట్ రిపోర్టు, ఓనరుతో అగ్రిమెంటు, డ్రాయింగులు. సాయిల్ టెస్ట్ చేయించమని మీరు చెప్పినా ఓనరు వద్దన్నారా? ఆ మెసేజ్ ఉంటే అదే ముందు పెట్టండి.

ఏజెంటుకి ఫోన్ చేసి చెప్పడం కంపెనీకి చెప్పినట్టు కాదు. పాలసీ ఇచ్చిన ఆఫీసుకి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి, అందినట్టు జవాబు వచ్చేదాకా వెంటపడండి. మార్చి 30 సాయంత్రం దాకా మాత్రం ఆగకండి. స్ట్రక్చరల్ ఇంజినీరు గారికి కూడా చెప్పండి, ఆయనకి పాలసీ ఉంటే ఆయన కూడా రాయాలి.

ఇక గుట్టుగా రిపేరు. ఈ పాలసీల్లో కంపెనీ ఒప్పుకోకుండా మీరు డబ్బు ఇచ్చినా, రాజీ పడినా, ఆ ఖర్చు మీదే. 7 లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 14 వేలు, ఏడాదికి 1,68,000, అసలు అలాగే ఉంటుంది. అంత పోసి పగులు పూడిస్తే పునాది ఆగుతుందా? వచ్చే వేసవికి పక్క గోడ పగిలితే మళ్లీ అప్పు చేస్తారా? పైగా అప్పటికి సాక్ష్యం మీరే సిమెంటుతో కప్పేసి ఉంటారు. ప్రీమియం కొంత పెరగొచ్చు, నిజమే. దాన్ని ఈ వడ్డీతో పోల్చి చూసుకోండి.

ఉత్తరం రాశాం కదా అని కంపెనీ మొత్తం కట్టేస్తుందనీ అనుకోకండి. ఎక్సెస్ లక్ష మీదే. "నేను గీసిన ఇంటికి బీట రాదు" అని ఓనరుకి గ్యారంటీ రాసి ఇచ్చి ఉంటే దాని మీద వచ్చే క్లెయిమ్ మామూలుగా బయటే ఉంటుంది. లాయరు ఖర్చులు ఆ 50 లక్షల్లోంచే పోతాయా, వేరుగా ఇస్తారా అన్నది మీ కాగితంలో చూసుకోండి. రెన్యూవల్ మాత్రం ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి, మీరు గీసిన మిగతా ఇళ్లన్నీ ఆ వరస మీదే ఉన్నాయి.

ఆ లక్ష ఎక్సెస్ కూడా మీ చేతిలో లేదు, అదీ నాకు అసలు కోపం. రొయ్యకి వైరస్ వస్తే వారంలో చెరువు ఖాళీ, అందులో పెట్టింది అత్యవసర నిధి కాదు. ఈ పంట పట్టుబడి కాగానే బావమరిది గారి దగ్గర్నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆఫీసు జీతాలు, ఆ పైన లక్ష వెనక్కి తెచ్చి బ్యాంకులో వేయండి. అంతకుముందే ఎక్సెస్ కట్టాల్సి వస్తే బ్యాంకులో బంగారం మీద లక్ష వరకు పర్వాలేదు, అంతకు మించొద్దు. ఓనరు గారికి మాత్రం ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి: "ఫొటోలు చూశాను, కారణం తేల్చడానికి ఇంజినీరుతో కలిసి ఫలానా రోజు వస్తాను." అంతే, ఇంకొక్క మాట వద్దు. తర్వాత ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి డబ్బు అక్కర్లేదని చెప్పేయండి.