వెండర్ దగ్గర ఆగిన డబ్బు అడుగుతూ రాసే మెసేజ్: గట్టిగా, కానీ మర్యాదగా ఎలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపూర్‌లో చిన్న పేపర్ ప్లేట్ల యూనిట్. బరంపురంలో ఒక హోల్‌సేల్ వెండర్ మా దగ్గర 30 రోజుల అరువు మీద సరుకు తీసుకుంటారు. నాన్నగారి కాలం నుంచి పరిచయం, నేను బాబాయ్ అని పిలుస్తాను. మే 6 నాటి బిల్లు 46,020, మే 21 నాటి బిల్లు 38,350 రూపాయలు. జూన్ 10న 20,000 పంపి ఆగిపోయారు. రెండు కార్టన్లు తడిశాయని ఫోన్‌లో అన్నారు, సరేనన్నాం. నేను రాసుకున్న మెసేజ్ ఇది: "బాబాయ్ గారూ, ఎన్నిసార్లు అడిగినా మీరు పట్టించుకోవడం లేదు. మీ దగ్గర మా డబ్బు చాలా ఆగిపోయింది. మాకూ బ్యాంకు కిస్తీలున్నాయి. వెంటనే పంపండి, లేకపోతే ఇకపై సరుకు పంపం." ఇది పంపితే సంబంధం చెడిపోతుందని నాన్నగారు ఆపారు. ఎలా మార్చాలి?

జవాబు:

మీ నాన్నగారు ఆపడం మంచిదైంది. ఆ మెసేజ్ కటువుగా ఉన్న మాట నిజమే, కానీ దానికంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. అది చదివి ఎవరూ డబ్బు పంపలేరు. ఎంత పంపాలో, ఏ బిల్లుకో, ఏ తేదీలోపో అందులో ఎక్కడా లేదు. రాయగడలో ఒక అట్టపెట్టెల యూనిట్‌కి చాలాకాలంగా లెక్కలు చూస్తున్నాను. వసూళ్ల ఫోన్లు, ఉత్తరాలు నా పనే. అక్కడ చూసిందాన్ని బట్టి చెబుతున్నాను. యజమాని ఫోన్‌లో మీ మెసేజ్ చదివి, "గుణుపూర్ వాళ్లది ఎంతుందో చూడు" అని అకౌంట్స్ కుర్రాడికి చెబుతారు. అతను ఖాతా తీసి చూస్తే 20,000 ఏ బిల్లుకు జమ చేయాలో తెలియదు, తడిసిన కార్టన్లకు ఎంత తగ్గించాలో తెలియదు. అలాంటి ఖాతాని అతను పక్కన పెట్టేసి, లెక్క తేలిన పార్టీకి ముందు పంపేస్తాడు.

అసలు ముడి ఆ రెండు కార్టన్ల దగ్గరే ఉందని నా అనుమానం. మీరు ఫోన్‌లో సరేనన్నారు గాని, బిల్లులో అంత తగ్గించామని క్రెడిట్ నోట్ ఇచ్చినట్టు రాయలేదు. కాగితం రాకపోతే వాళ్ల పుస్తకంలో అది తేలని తగాదాగానే ఉంటుంది. మా దగ్గర ఒక పార్టీ ఇలాగే కొన్ని నలిగిన పెట్టెల పేరు చెప్పి బిల్లు మొత్తం ఆపేసింది. మేం ఫోన్ చేసిన ప్రతిసారీ "మీ పెట్టెల సంగతి తేలలేదు కదా" అనేవారు. క్రెడిట్ నోట్ చేసి పంపాక ఆ మాట అనడానికి వీల్లేకపోయింది, డబ్బు వచ్చింది. కాబట్టి మెసేజ్ కంటే ముందు ఆ క్రెడిట్ నోట్ చేయండి. ఆ రెండు కార్టన్ల విలువ పన్నుతో కలిపి 1,770 రూపాయలు అనుకుందాం, మీ అసలు అంకె మీరు వేసుకోండి.

ఇంకొకటి కూడా చూసుకోండి. ఆ రెండు బిల్లులు మీరు వేసే అమ్మకాల రిటర్న్ GSTR-1లో సరైన నంబరుతో, సరైన జీఎస్టీ నంబరు మీద ఎక్కాయా? ఎక్కకపోతే వాళ్ల కొనుగోళ్ల పట్టిక GSTR-2Bలో కనబడవు, ఆ పన్ను క్రెడిట్ వాళ్లకు రాదు. అప్పుడు వాళ్లు డబ్బు ఆపడంలో న్యాయం ఉంది, మీ గట్టి మెసేజ్ మీకే ఎదురు తిరుగుతుంది.

ఇవి సరిచూసుకున్నాక, ఈ రోజు జూలై 8 కాబట్టి, నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం బాబాయ్ గారూ. జూలై 8 నాటికి మన ఖాతా లెక్క పంపుతున్నాను.

బిల్లు 118, మే 6: రూ. 46,020. గడువు జూన్ 5. జూన్ 10న మీరు పంపిన రూ. 20,000 దీనికే జమ చేశాం. మిగిలింది రూ. 26,020.

బిల్లు 131, మే 21: రూ. 38,350. గడువు జూన్ 20.

తడిసిన రెండు కార్టన్లకు క్రెడిట్ నోట్ రూ. 1,770 తీసేశాం. మాకు రావలసింది రూ. 62,600.

ఈ మొత్తాన్ని జూలై 15 బుధవారం లోపు మా బ్యాంకు ఖాతాకు పంపించగలరు. లెక్కలో తేడా కనిపిస్తే 11వ తేదీ శనివారం లోపు చెప్పండి. తేడా ఉన్నంత వరకు పక్కన పెట్టి, మిగతాది 15లోపు పంపండి.

ఈ బాకీ తీరేవరకు కొత్త ఆర్డర్లకు లోడింగ్‌కు ముందే డబ్బు తీసుకుంటాం. ఖాతా క్లియర్ అయిన రోజు నుంచి ఎప్పటిలాగే 30 రోజుల అరువు ఉంటుంది. బిల్లులు, క్రెడిట్ నోట్, లెడ్జర్ జత చేశాను."

బిల్లు నంబర్లు నేను ఊహించి వేసినవి, మీవి పెట్టుకోండి. "ఎన్నిసార్లు అడిగినా పట్టించుకోవడం లేదు" అన్నది తీసేశాను. పాత బిల్లు గడువు దాటి 33 రోజులు, కొత్తది దాటి 18 రోజులు అయ్యాయని ఆ తేదీలే చెబుతున్నాయి. ఆయన ఒక్క మాట కూడా కాదనలేరు, ఆయన్ని ఎవరూ తిట్టలేదు కూడా. బ్యాంకు కిస్తీల మాట కూడా తీసేశాను. మన కష్టం చెబితే అది సాయం అడిగినట్టు అవుతుంది, పైగా "మాకూ కష్టాలే" అని బదులు చెప్పడానికి ఆయనకు దారి ఇచ్చినట్టు అవుతుంది. "వెంటనే" అన్న మాటకు ఈ వ్యాపారంలో అర్థం లేదు. వారమూ వెంటనే, నెలా వెంటనే. అందుకే బుధవారం అని చెప్పి తేదీ వేశాను. 16న గురువారం, పైగా రథయాత్ర. మన వైపు చాలామంది వ్యాపారులు గురువారం లక్ష్మి రోజని చేతి నుంచి డబ్బు కదపరు. తెలుగువాళ్లయితే శుక్రవారం అంటారు. గడువు ఆ రోజుల్లో పడితే వాయిదాకు మనమే సాకు ఇచ్చినట్టు.

తేడా ఉన్నంత వరకే ఆపుకోండి అన్న వాక్యం చిన్నదే గాని, మొత్తం మెసేజ్‌లో నాకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. వందల రూపాయల వాదన కోసం అరవై వేలు ఆగిపోకుండా చూసేది అది.

ఇక సరుకు పంపం అన్న బెదిరింపు. అది నిజంగా చేయగలరా? బరంపురం పార్టీ మీ అమ్మకాల్లో పెద్ద భాగమైతే చేయలేరు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. చేయలేనిది రాస్తే తర్వాత రాసే మాటలకు విలువ ఉండదు. ముందు డబ్బు, తర్వాత లోడింగ్ అన్నది మీరు చేయగలిగే పని. పైగా దాని పక్కనే అరువు మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో చెప్పాం, అంటే తలుపు వేయలేదు. ఒకటే షరతు, రాశాక దాని మీద నిలబడాలి. 12న ఆయన ఫోన్ చేసి "ఒక్క ఆటో పంపు నాయనా" అంటే, "తప్పకుండా బాబాయ్ గారూ, డబ్బు పడగానే ఎక్కించేస్తాను" అనండి. అంతకు మించి వివరణ వద్దు.

బాబాయ్ అన్న పిలుపు పలకరింపులో ఉండనివ్వండి. ఒక్కసారిగా "డియర్ సర్" అంటే కోపంగా ఉన్నారని ఆయనకు అర్థమవుతుంది. కానీ పలకరింపు దాటాక అంకెల మధ్య చుట్టరికం కలపొద్దు. ఇదే లెక్క ఇంగ్లీషులో, సంస్థ పేరు మీద వాళ్ల ఆఫీసు మెయిల్‌కి కూడా పంపండి. వాళ్ల అకౌంటెంట్ ఒడియా అతనైతే తెలుగు వాట్సాప్ మెసేజ్ అతని దాకా వెళ్లదు. పంపిన గంటకో రెండు గంటలకో ఆయనకే ఫోన్ చేసి, "లెక్క పంపాను, ఒకసారి చూడండి" అని మాత్రం చెప్పండి. పెద్దవాళ్ల దగ్గర ఆ ఫోన్ లేకపోతే కాగితం ఒంటరిగా కఠినంగా వినిపిస్తుంది.

చట్టం మాట ఈ మెసేజ్‌లో కావాలనే పెట్టలేదు. మీది తయారీ యూనిట్ కాబట్టి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం మీకు వర్తిస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువులో, ఏమైనా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ప్రభుత్వ ఎంఎస్ఎంఈ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా చేయవచ్చు. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఉద్యమ్ ఉన్నా ఆలస్య చెల్లింపుల విషయంలో ఈ రక్షణ రాదు, అందుకని ఇది చదివే హోల్‌సేలర్లు తొందరపడి ఈ సెక్షన్లు రాయొద్దు. మీరు కూడా ఫిర్యాదును చివరి మెట్టుగానే ఉంచుకోండి. అక్కడికి వెళ్లాక బాబాయ్ అని పిలవడం కష్టం.

15 దాటినా రాకపోతే రెండో ఉత్తరంలో రాయదగ్గది ఇంకొకటి ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకి డబ్బు ఇవ్వకపోతే, కొన్నవాళ్లు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. డబ్బు ఇచ్చాక ఆ క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు. బిల్లు 118కి ఆ గడువు నవంబర్ 2. దీన్ని బెదిరింపులా రాయనక్కర్లేదు. "నవంబర్ 2 దాటితే మీకే క్రెడిట్ ఇబ్బంది కాబట్టి ఈలోపే ముగించేద్దాం" అంటే ఆయన మేలు కోరినట్టే ఉంటుంది, వాళ్ల ఆడిటర్ ఆ వాక్యం చూసి తనే కదులుతాడు.

మెసేజ్ పని చేసిందో లేదో జవాబులోనే తెలుస్తుంది. తేదీ చెప్పినా, ఏదైనా అంకె మీద పేచీ పెట్టినా పని చేసినట్టే, పేచీ అంటే లెక్క చూశారని. "చూద్దాం లే నాయనా" అని వస్తే, "అలాగే బాబాయ్ గారూ, 15న పడుతుందని రాసుకుంటున్నాను" అని అదే రోజు తిరిగి రాయండి. ఒకవేళ ఏ బిల్లుకో చెప్పకుండా మళ్లీ 20,000 పంపితే, డబ్బు పడ్డ రోజే "బిల్లు 118కి జమ చేశాం, దానిలో రూ. 6,020, మొత్తం మీద రూ. 42,600 మిగిలాయి" అని పంపేయండి, లేకపోతే వచ్చే నెల మళ్లీ ఇదే చిక్కు. బాకీ ఇంకా సాగితే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం, ముద్ర వేయించుకోండి. అమ్మిన సరుకు డబ్బుకు కోర్టుకు వెళ్లే గడువు మామూలుగా మూడేళ్లు. ఆ గడువు దాటకముందు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. ఏడాది చివర అందరు పార్టీలకూ పంపే కాగితంలాగే ఇది పంపితే ఆయనకు అనుమానమూ రాదు.