ఐరన్ సిరప్ పోస్తున్నా పెరగని రక్తం, స్లైడు మీద నీలం చుక్కలు

"మా పాపకి మూడేళ్ళు. హిమోగ్లోబిన్ 8.2 ఉందని రెండున్నర నెలలుగా ఐరన్ సిరప్ పోస్తున్నాం, ఇప్పుడు చేయిస్తే 8.5. ఈసారి రిపోర్టు కింద 'బేసోఫిలిక్ స్టిప్లింగ్ ఉంది, సీరమ్ లెడ్ చేయించండి' అని రాశారు. సీసం వల్ల రక్తం తగ్గుతుందా? ఇంట్లో అందరం ఒకటే తింటాం, పాపకే ఎందుకు?"

తగ్గుతుందండీ. కాకపోతే ల్యాబ్‌కి వెళ్ళి సీరమ్ లెడ్ అని అడగకండి, బ్లడ్ లెడ్ అని అడగండి. రక్తంలోకి వచ్చిన సీసం దాదాపు అంతా ఎర్రకణాల్లోనే కూర్చుంటుంది. సీరమ్ అంటే ఆ కణాలన్నీ తీసేశాక మిగిలే నీరు, అందులో వెతికితే ఏం దొరుకుతుంది? పొరపాటున రాసి ఉంటారు, చాలామంది రాస్తారు.

నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. పద్నాలుగేళ్ళుగా రోజూ స్లైడ్లు చూడటమే పని. మీలాంటి కేసు ఒకటి నా చేతుల్లోంచి వెళ్ళింది, అదీ మొదటిసారి నేనే తప్పు చూశాను కాబట్టి బాగా గుర్తుంది.

రెండేళ్ళ నాలుగు నెలల పాప. హిమోగ్లోబిన్ 7.6, ఎర్రకణాలు మామూలు కంటే చిన్నవి, పాలిపోయి ఉన్నాయి. శాంపిల్ పక్క ఊరి కలెక్షన్ సెంటర్‌లో పొద్దున తీసింది, ఊదా మూత ట్యూబులో మా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. స్లైడు చేశాను, చూశాను, 'ఐరన్ లోపంలా ఉంది' అని రాసి పంపేశాను. మన దగ్గర ఈ వయసు పిల్లల్లో పదిలో ఎనిమిది అలాగే ఉంటాయి, చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. రెండు నెలలు సిరప్ వాడాక మళ్ళీ వస్తే 8.1. ఐరన్ లోపం ఒక్కటే అయి, మందు సరిగ్గా పడుతుంటే నెలకే కనీసం ఒక పాయింటు పెరగాలి.

ఈసారి పాప చెయ్యి ఇవ్వలేదు, ఒకటే ఏడుపు. చివరికి సూదితో వేలు పొడిచి, వచ్చిన చుక్కని నేరుగా స్లైడు మీదే లాగాను. రంగు వేసి ఆయిల్ లెన్సు కింద పెడితే అప్పుడు కనిపించాయి. చిన్నప్పుడు సిరా పెన్ను విదిలిస్తే ముందు బెంచీవాడి చొక్కా మీద పడేవి చూడండి, అచ్చం అలా కణం అంతా నీలం చుక్కలు. మీ రిపోర్టులో రాసిన బేసోఫిలిక్ స్టిప్లింగ్ అంటే ఇదే. సన్నగా కాదు, ముతకగా. ఇవి నిజం చుక్కలా, రంగు మరకలా అని తేల్చడానికి ఫోకస్ స్క్రూని కొంచెం అటూ ఇటూ తిప్పుతాం: మరక అయితే కణం పైన వేరే ఎత్తులో తేలుతుంది, కణాల బయట కూడా ఉంటుంది. స్టిప్లింగ్ కణంతో పాటే ఫోకస్‌లోకి వస్తుంది, కణంతో పాటే పోతుంది. వెయ్యి కణాలు లెక్కపెడితే పదకొండింట్లో ఉన్నాయి. ఊదా మూత ట్యూబులోని మందులో రక్తం గంటల తరబడి ఉంటే ఈ చుక్కలు మసకబారతాయని నాకు చదువుకున్న రోజుల్లోనే చెప్పారు. తెలిసీ మొదటిసారి పట్టించుకోలేదు.

అసలు ఆ చుక్కలేంటంటే, చెత్త. ఎర్రకణం ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు దాని లోపల హిమోగ్లోబిన్ చేసే చిన్న చిన్న మిషన్లు ఉంటాయి, వాటిని రైబోజోములు అంటారు. పని అయిపోయాక కణం వాటిని ముక్కలు చేసి ఊడ్చేసుకుంటుంది. ఆ ఊడ్చే పని చేసే ఎంజైముల్లో ఒకదాన్ని సీసం పట్టి ఆపేస్తుంది. దాంతో ముక్కలు ముద్దలు కట్టి లోపలే ఉండిపోతాయి, మేం వేసే రంగు వాటికి పట్టి నీలంగా కనిపిస్తాయి.

రక్తం తగ్గేది ఈ చెత్త వల్ల కాదు, అది వేరే దెబ్బ. హిమోగ్లోబిన్‌కి గుండెలాంటిది హీమ్, దాని మధ్యలో ఇనుము కూర్చోవాలి. హీమ్ తయారీలో సీసం రెండుచోట్ల అడ్డం పడుతుంది: మొదట్లో ఒకసారి, ఇనుముని లోపల కూర్చోబెట్టే చివరి మెట్టులో ఇంకోసారి. ఇనుము కూర్చోవాల్సిన సీట్లో జింకు వచ్చి కూర్చుంటుంది. అందుకే మీరు సీసాలకి సీసాలు ఐరన్ పోసినా పూర్తి ఫలితం రాదు. సరుకు గుమ్మం దాకా వస్తోంది, లోపల దించుకునేవాడు లేడు. దీనికి తోడు సీసం ఎక్కువైతే ఎర్రకణాలు తమ ఆయుష్షు కంటే ముందే పగిలిపోతాయి.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి, లేకపోతే టెన్షన్ పడిపోతారు. స్టిప్లింగ్ కనిపించిన ప్రతిదీ సీసం కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా మైనర్ మన వైపు ఉన్నవాళ్ళలో కూడా కనిపిస్తుంది, వాళ్ళకీ కణాలు చిన్నవే, వాళ్ళకీ ఐరన్‌తో పెరగదు. అందుకని లెడ్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, తలసీమియాని పట్టే హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ రెండూ చేయించమని డాక్టర్ని అడగండి. అలాగే స్టిప్లింగ్ లేనంత మాత్రాన సీసం లేదనీ కాదు, చాలామంది పిల్లల్లో సీసం ఉన్నా స్లైడు శుభ్రంగానే ఉంటుంది. రెండో మాట, సిరప్ పాలల్లో కలిపి పోస్తున్నారేమో చూసుకోండి. అలా పోస్తే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు. రక్తం పెరగకపోవడానికి సీసం కంటే ఇదే ఎక్కువసార్లు కారణం.

నేను చూసిన ఆ పాప సంగతికొస్తే, ఫెరిటిన్ 6, అంటే ఐరన్ లోపం కూడా నిజమే. బ్లడ్ లెడ్ 61 మైక్రోగ్రాములు, డెసిలీటరుకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 ఉంటేనే ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి, పదేళ్ళలోపు పిల్లల్లో 45 వచ్చినా, దాటినా సీసాన్ని బయటికి లాగే మందు పెట్టాలి. సీసం వల్లే రక్తం బాగా పడిపోవడం అనేది కూడా దాదాపు ఈ 40, 50ల దగ్గరే మొదలవుతుంది. ఒకవేళ మీ పాపకి 12, 15 లాంటిది వస్తే, 8.5కి అసలు దోషి ఐరన్ లోపమే అనుకోవచ్చు. అయినా ఆ 12ని వదిలెయ్యకూడదు, ఎందుకో కింద చెప్తా.

వాళ్ళ నాన్న ఆటో బ్యాటరీల పని చేస్తాడు. పాత బ్యాటరీలు ఇంటి వెనక పగలగొట్టి, సీసం ప్లేట్లు తీసి, అక్కడే కరిగించి అమ్ముతాడు. పాప ఆ పెరట్లోనే ఆడుకుంటుంది, మట్టి తింటుంది కూడా (ఐరన్ తక్కువైన పిల్లలకి ఈ అలవాటు ఎక్కువ). డాక్టరు ఇంట్లో అందరికీ చేయించారు. రోజంతా సీసంలోనే చేతులు పెట్టే తండ్రికి 44, హిమోగ్లోబిన్ 13.1, మనిషి దుక్కలా ఉన్నాడు. తొమ్మిదేళ్ళ అన్నకి 22. ఒక్క బ్యాటరీ కూడా ముట్టని పాపకి 61.

'పాపకే ఎందుకు' అన్న మీ ప్రశ్నకి జవాబు ఆ మూడు అంకెల్లోనే ఉంది. పెద్దవాళ్ళు మింగిన సీసంలో సుమారు పదో వంతు ఒంట్లోకి వెళ్తుంది, మిగతాది అలాగే బయటికి పోతుంది. పసిపిల్లల పేగు దాదాపు సగం పీల్చేసుకుంటుంది. పైగా ఐరన్ తక్కువగా ఉంటే పేగు ఇనుము కోసం తలుపులు బార్లా తెరుస్తుంది, అదే తలుపులోంచి సీసం కూడా దూరుతుంది. అంటే రక్తహీనత సీసాన్ని లోపలికి పిలుస్తుంది, సీసం రక్తహీనతని ముదురుస్తుంది. ఇక వాళ్ళ బతుకంతా నేల మీదే, చెయ్యి ఎప్పుడూ నోట్లోనే, ఒళ్ళు చూస్తే పదకొండు కిలోలు. అన్నిటికన్నా పెద్దది మెదడు. ఆ వయసులో ఇంకా తయారవుతూ ఉంటుంది, విషాన్ని ఆపే గోడ కూడా పెద్దవాళ్ళంత గట్టిగా ఉండదు. రక్తం మీద ఏమీ కనిపించని తక్కువ మోతాదుల్లోనే మెదడు మీద పడుతుంది, 12 వచ్చినా వదలొద్దన్నది అందుకే. అక్కడ జరిగిన నష్టాన్ని మందు వెనక్కి తేలేదు. అమెరికాలో 20 నుంచి 44 మధ్య లెడ్ ఉన్న పిల్లలకి సీసాన్ని బయటికి లాగే సక్సిమర్ అనే మందు ఇచ్చి చూశారు, 2001లో ఫలితాలు వచ్చాయి: రక్తంలో అంకె తగ్గింది గానీ తెలివితేటల పరీక్షల్లో తేడా రాలేదు.

పాపని ముందు అమ్మమ్మ ఇంటికి పంపించారు, ఆ తర్వాతే మందు మొదలుపెట్టారు. ఈ వరస ముఖ్యం. సీసం ఉన్న ఇంట్లోనే ఉంచి మందు వేస్తే ఒక చేత్తో తోడుతూ ఇంకో చేత్తో పోసినట్టే. సక్సిమర్ మా ఊళ్ళో దొరక్క హైదరాబాద్ నుంచి తెప్పించారు, పంతొమ్మిది రోజుల కోర్సు. అయ్యాక 19కి దిగింది. అందరం హమ్మయ్య అనుకున్నాం, మూడు వారాల తర్వాత చూస్తే 34. వాళ్ళమ్మ ల్యాబ్ గుమ్మంలోనే కూలబడిపోయింది. కొత్తగా ఏమీ తినలేదు, ఎముకల్లో దాక్కున్నదే మెల్లగా రక్తంలోకి దిగింది, అది మామూలేనని డాక్టరు చెప్పారు. ఆరు నెలలకి 17, హిమోగ్లోబిన్ 10.9. ఐరన్ మధ్యలో ఆపలేదు, మీరూ డాక్టరు చెప్పకుండా ఆపకండి.

మీరు చేయాల్సింది: టెస్టు నరం నుంచి తీసిన రక్తంతో చేయించండి, లెడ్ లేని ప్రత్యేకమైన ట్యూబు (మామూలుగా ముదురు నీలం మూత ఉంటుంది) ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. స్లైడుకి వేలి రక్తం బాగుంటుంది గానీ లెడ్‌కి అంతగా నమ్మలేం, వేలి మీద దుమ్ము ఉంటే అదే అంకె పెంచేస్తుంది. రిజల్ట్ వచ్చేలోగా వాంతులు, మత్తుగా పడుకోవడం, ఫిట్స్, నడక తూలడం కనిపిస్తే ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఫిట్స్ అంటే గుర్తొచ్చింది, 2020 డిసెంబరులో ఫిట్స్‌తో పడిపోయిన ఏలూరు జనం రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని వార్తలొచ్చాక మా ల్యాబ్‌కి లెడ్ టెస్టు కోసం క్యూ కట్టారు. అది ఉన్నట్టుండి ఒక్కసారిగా వచ్చిపడిన వ్యవహారం, దీనికీ దానికీ పోలిక పెట్టుకోకండి. ఇది నెలల తరబడి కొంచెం కొంచెంగా చేరేది, ఎక్కువమందిలో మలబద్ధకం, కడుపునొప్పి, చిరాకు తప్ప ఏమీ ఉండవు.

ఇంట్లో ఎవరైనా బ్యాటరీ, పెయింటింగ్, రేడియేటర్ సోల్డరింగ్ పనుల్లో ఉన్నారా? గోడలకో తలుపులకో పాత పెయింటు పెచ్చులు ఊడుతోందా, పాపకి సురమా పెడుతున్నారా, ఎవరైనా భస్మం ఇచ్చారా? నాగభస్మం అంటే సీసంతో చేసేదే, రక్తం పడుతుందని ఎవరు చెప్పినా వద్దు. వీటిలో ఏది ఉందో, లెడ్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.